అల్లుడూ, ఫోన్ కొనే ముందు మడులు కాదు ఎకరాలు అడుగు

ఒరే అల్లుడూ,

నువ్వు పంపిన మూడు ఫోన్ల లిస్టు చూశాను. మొదటిది 200 మెగాపిక్సెల్, రెండోది 108, మూడోది 50 అని రాసి, ఆ 50 పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టావు, ఇది వద్దేమో అన్నట్టు. ముప్పై ఏళ్లుగా పర్లాకిమిడిలో స్టూడియో నడుపుతూ గుణుపురం నుంచి పాతపట్నం దాకా పెళ్ళిళ్ళకి కెమెరా సంచి మోసినవాణ్ణి, నాకు ఆ లిస్టు చూస్తే పొలం బేరానికొచ్చినవాడు మడులెన్ని అని అడిగి ఎకరాలెన్ని అని అడగడం మర్చిపోయినట్టు అనిపించింది.

పిక్సెల్స్ అంటే మడులే. ఉన్న ఎకరానికి గట్లు ఎక్కువ వేసి మడులు పెంచితే ధాన్యం పెరగదు కదా. పొలం అంటే ఇక్కడ సెన్సర్, లెన్సు వెనకాల వెలుతురు పడే ఆ చిన్న పలక. 200 మెగాపిక్సెల్ ఫోన్ కూడా మామూలుగా నొక్కితే పదహారు పిక్సెల్స్ కలిపి ఒకటిగా చేసి పన్నెండు మెగాపిక్సెల్ ఫోటోనే ఇస్తుంది, 50ది నాలుగు కలిపి అదే పన్నెండు ఇస్తుంది. అంటే చివరికి మడులు సమానం.

సెన్సర్ సైజు స్పెసిఫికేషన్లలో 1/1.3, 1/1.67 ఇలా అంగుళంలో భిన్నంలా ఉంటుంది. కింద ఉన్న అంకె ఎంత చిన్నదైతే సెన్సర్ అంత పెద్దది. ఈ కొలత పాతకాలం వీడియో కెమెరాల గాజు ట్యూబుల నుంచి వచ్చింది, అందుకే ఒక అంగుళం సెన్సర్ అని గొప్పగా చెప్పేది కూడా మూలకు మూల కొలిస్తే సుమారు 16 మిల్లీమీటర్లే, నిజం అంగుళం 25.4. నీ లిస్టు తీసి చూశాను. ఆ 108ది 1/1.67, అంటే సుమారు 44 చదరపు మిల్లీమీటర్లు. 200ది 1/1.4, సుమారు 63. నువ్వు ప్రశ్నార్థకం పెట్టిన 50ది 1/1.3, సుమారు 72. నీ లిస్టుని తలకిందులు చేసి చదువుకో.

పెద్ద సెన్సర్ వల్ల ఏం ఒరుగుతుంది అంటావా, పోయిన కార్తీక పౌర్ణమి సంగతి చెప్తాను. తెల్లారకముందే మహేంద్రతనయ ఒడ్డుకి వెళ్లాను. మనవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు వదులుతుంటే పక్కనే ఒడియా వాళ్లు బొయితొ బందాణొ అని బుల్లి పడవలు వదులుతుంటారు కదా, ఆ ఒక్క గంటకి సంవత్సరమంతా ఎదురు చూస్తాను. ఒకావిడ మోకాళ్ల లోతు నీళ్లలో వంగి దొప్ప వదులుతోంది. ముఖం మీద దీపం వెలుగు, వెనకంతా చీకటి. ముందు ఆటోలో నొక్కాను. ఫోన్ చీకటిని చూసి భయపడి షట్టర్‌ని 1/15 సెకనుకి దించేసింది, ఆవిడ చెయ్యి చెదిరిపోయింది, దీపం తెల్లటి ముద్దయింది. తర్వాత ప్రో మోడ్‌లోకి వెళ్లి షట్టర్ 1/100, ఐఎస్ఓ 800 పెట్టాను, ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి దొప్ప మీద నిలిపాను ఎందుకంటే చీకట్లో ఆటో ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉంటుంది, వైట్ బ్యాలెన్స్ 3000 దగ్గర కట్టేశాను. దీన్ని ఆటోకి వదిలేస్తే దీపం పసుపుని తప్పు అనుకుని తెల్లగా దిద్దేస్తుంది, అప్పుడది కార్తీక దీపంలా ఉండదు, ట్యూబులైటు కింద తీసినట్టుంటుంది.

ఆ ఫ్రేము స్క్రీన్ మీద నల్లగా కనిపించింది. భయపడలేదు, ఎందుకంటే రా ఆన్‌లో ఉంది. (రా అంటే రమ్మని కాదురా, సెన్సర్ చూసింది చూసినట్టు, వండకుండా దాచిన ఫైలు.) ఫోన్‌లో ఆ ఫైలు పేరు చివర `.dng` అని ఉంటుంది. మామూలు జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి, రాలో పది బిట్ అయితే 1024, పన్నెండు బిట్ అయితే 4096. ఇంటికొచ్చి లైట్‌రూమ్‌లో తెరిచి నీడల్ని పైకి లాగితే ఆవిడ చీర అంచు, నుదుటి మీద తడి, చేతి గాజులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. చుక్కల్లాంటి గరుకు కొంచెం కనిపించింది, పర్లేదు. అదే ఫ్రేము జేపెగ్‌ని అంతే లాగితే చీర అంతా మైనం పూసినట్టు అయిపోయింది, ఎందుకంటే ఫోన్ అప్పటికే గరుకు తుడిచేసి, దాంతో పాటు నేత కూడా తుడిచేసింది.

రెండు జాగ్రత్తలు. నీడలోది లాగితే వస్తుంది కానీ పూర్తిగా తెల్లబడ్డ దీపం రాలో కూడా తిరిగి రాదు, అందుకే కావాలని కాస్త చీకటిగా తీస్తాను. రెండోది, రా మొదటిసారి తెరిస్తే జేపెగ్ కంటే అందవిహీనంగానే ఉంటుంది, చప్పటి రంగులు, మూలల్లో చీకటి, చుక్కలు. చాలామంది అది చూసి నా ఫోన్ రా బాగోలేదని ఆపేస్తారు. కూర పొయ్యి మీద పెట్టకుండా రుచి లేదంటే ఎలా? ఇంకో సంగతి, కొన్ని ఫోన్లు నాలుగైదు ఫ్రేములు కలిపి ఒక రా చేసి ఇస్తాయి. కోటకీ కొండకీ అది చక్కగా ఉంటుంది, కదిలే మనుషుల దగ్గర మాత్రం నేను ఒక్క ఫ్రేము రానే వాడతాను. రెండూ ఇచ్చే ఫోన్ అయితే ఇంకా మంచిది.

అదే చోట పక్క లెన్సుతో, అంటే ఆ వెడల్పు లెన్సుతో కూడా తీసి చూశాను. దాని సెన్సర్ 1/2.76, సుమారు 20 చదరపు మిల్లీమీటర్లు, లెన్సు f/2.2. మెయిన్‌ది 72, f/1.8. సెన్సర్ మూడున్నర రెట్లు పెద్దది, లెన్సు వెలుతురు ఒకటిన్నర రెట్లు ఎక్కువ, గుణిస్తే అదే ఫోన్‌లో అదే షట్టర్‌కి ఐదు రెట్ల వెలుతురు తేడా. వెడల్పు లెన్సు ఫోటోలో ఆవిడ ముఖం కంటే చుక్కలే ఎక్కువ కనిపించాయి. కాబట్టి ఆ భిన్నం మెయిన్ కెమెరాకి మాత్రమే చూసి సంబరపడకు, ప్రతి గుండ్రానికీ విడిగా చూడు. రెండు మెగాపిక్సెల్ మ్యాక్రో, డెప్త్ అని పెట్టేవి ఉన్నాయే, అవి వెనకాల అందం కోసం పెట్టిన బొత్తాలే.

ఇక నేను మోసపోయిన కథ విను. కొన్నేళ్ల కిందట మూడు లెన్సులు, రా ఉంది అని డబ్బా మీద చదివి ఒక ఫోన్ కొన్నాను. ఇంటికొచ్చి దూరాన్ని దగ్గరగా చూపే టెలిఫోటో లెన్సుకి మారితే రా బొత్తం మసకబారింది, మెయిన్ కెమెరాకి తప్ప దేనికీ లేదు. దుకాణానికి తిరిగి వెళ్తే సీలు తీశాక మా చేతిలో లేదు మావయ్యా అన్నాడు. అప్పట్నుంచి బిల్లు కట్టకముందు డెమో ఫోన్‌తో అరగంట కూర్చుంటాను, సేల్స్ కుర్రాడు విసుక్కున్నా సరే.

నువ్వూ అలాగే చెయ్. ముందు జేబురుమాలుతో లెన్సులు తుడువు, డెమో ఫోన్ల మీద ఊరందరి వేలిముద్రలూ ఉంటాయి. ప్రో మోడ్ తెరిచి `RAW` ఆన్ చేసి ఒక్కో లెన్సుకీ మార్చి ఒక్కో ఫోటో తియ్. ఫైల్స్‌లోకి వెళ్లి చూస్తే పన్నెండు మెగాపిక్సెల్ రా సాధారణంగా ఇరవై ఎంబీ చుట్టుపక్కల ఉంటుంది, ఫోన్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ. తర్వాత టెలిఫోటో పెట్టి, అది ఏ గుండ్రమో కనుక్కుని దాని మీద వేలు పెట్టు. వేలు పెట్టగానే స్క్రీన్ ఒక్క క్షణమైనా నల్లబడితే నిజంగా ఆ లెన్సే పనిచేస్తోంది. నల్లబడలేదంటే మెయిన్ కెమెరా ఫోటోని కత్తిరించి పెద్దది చేసి చూపిస్తోంది అన్నమాట. ఇది దుకాణంలో దీపాలు తక్కువున్న మూల కూడా చేసి చూడు, ఎందుకంటే చాలా ఫోన్లు వెలుతురు తగ్గగానే చెప్పకుండా మెయిన్‌కి మారిపోతాయి.

లెన్సు మంచిదో కాదో చూడ్డానికి ఇంటి నుంచి ఒక దినపత్రిక తీసుకెళ్లు. గోడకి అంటించి, ఫోన్ గోడకి సరిగ్గా ఎదురుగా పట్టుకుని తియ్, జూమ్ చేసి నాలుగు మూలల అక్షరాలూ చదువు. నాలుగు మూలలూ కొద్దిగా మెత్తగా ఉండడం మామూలే, ఒక్క మూల మాత్రమే అలుక్కుపోతే లెన్సు వంకరగా కూర్చుందని అర్థం, ఆ పీసు తీసుకోకు. తర్వాత దుకాణం లైటుని ఫ్రేములో పెట్టి తియ్. ఆకుపచ్చ చుక్కలు, పొగ పట్టినట్టు తెలుపు ఎంత వస్తున్నాయో చూడు. అన్నట్టు అక్కడ షట్టర్ 1/500 పెడితే ఫోటో మీద అడ్డంగా నల్ల చారలు రావచ్చు, అది ఫోన్ తప్పు కాదు, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైటు సెకనుకి వందసార్లు రెపరెపలాడుతుంది. 1/100 లేదా 1/50 పెడితే పోతాయి. పెళ్లి పందిట్లో ఇది గుర్తుంచుకో.

పెద్ద సెన్సర్‌కి ఒక తలనొప్పి కూడా ఉందిరా. మన ఊరి కొమ్ము బొమ్మల కొంగని మరీ దగ్గరగా తీశాననుకో, ముక్కు స్పష్టంగా ఉంటుంది, తోక మసకైపోతుంది. పెద్ద కెమెరా అయితే అపెర్చర్, అంటే లెన్సులో వెలుతురు దూరే కంత, కొంచెం మూసి సరిచేసేవాణ్ణి, ఫోన్లలో ఒకటీ అరా తప్ప అపెర్చర్ కదలదు. నేను చేసేదల్లా రెండడుగులు వెనక్కి జరిగి 2 ఎక్స్‌లో తియ్యడం. నువ్వు బొమ్మల ఫోటోలే ఎక్కువ తీస్తానంటే చెప్పు, అప్పుడు లెక్క వేరేగా ఉంటుంది. నదీ, కోటా, మనుషులూ అయితే ఆ 50నే తీసుకో.

శనివారం బరంపురం వెళ్తానన్నావు కదా, పది గంటలకే వెళ్లు, మధ్యాహ్నం దాటితే రద్దీలో నిన్ను అరగంట కూర్చోనివ్వరు. దినపత్రిక ఒడియాదైనా పర్లేదు, అక్షరాలు సన్నగా ఉంటే చాలు. డెమోలో తీసిన ఆ `.dng` ఫైళ్లన్నీ నాకు పంపు, వాట్సాప్‌లో ఫోటోలా కాదు, డాక్యుమెంట్‌లా పంపు, లేకపోతే ఉపయోగం లేదు.

మీ మావయ్య