ఒకే ఇంట్లో మూడు గొంతులు

చిరంజీవికి,

వయసులో పెద్దదాన్ని కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నీ కథ రెండుసార్లు చదివాను. తండ్రి పోయాక ముగ్గురు పిల్లలు ఇల్లు అమ్మే విషయం మాట్లాడుకునే సీను దగ్గర మొదటిసారి చిరాకొచ్చింది, రెండోసారి కోపమే వచ్చింది. అందుకే ఈ ఉత్తరం. కథ ఎత్తుగడ బాగుంది.

అన్నకు ఒక యాస పెట్టావు. అక్క నోట ప్రతి వాక్యానికీ ముందు 'అసలు' అనిపించావు. తమ్ముడి మాటల చివర 'వెటకారంగా అన్నాడు', 'నొచ్చుకుంటూ అన్నాడు' అని తగిలించావు. ఒకే అమ్మానాన్నల దగ్గర, ఒకే ఇంట్లో పెరిగిన ముగ్గురిలో అన్న ఒక్కడికే ఆ యాస ఎక్కడి నుంచి వచ్చిందమ్మా? ఉంటే ముగ్గురికీ ఉండాలి. ముగ్గురికీ ఉన్నాక అది ఒకరి నుంచి ఇంకొకరిని వేరు చెయ్యలేదు. నాకు యాస మీద కోపం లేదు. ఊరు ఊరంతా అలా మాట్లాడే కథలో అది ఉండాల్సిందే. పాత్రలు ఒక్కలాగే మాట్లాడుతున్నాయని తెలిసి, ఆ లోపం కనపడకుండా పైన యాస పూసేవాళ్లంటేనే నాకు పడదు. ఈ మధ్య అలాంటివాటికే మెప్పు ఎక్కువ. 'కాస్త యాస చేర్చండి, పాత్రలకు జీవం వస్తుంది' అని నా కథ తిప్పి పంపిన సంపాదకుడొకాయన ఉండేవాడు. ఆ కథలో అందరూ ఒకే వీధివాళ్లు. ఆయన చివరిదాకా చదివాడో లేదో నాకిప్పటికీ అనుమానమే.

నీ సీనులోంచి ఆ యాస, 'అసలు'లు, వెటకారాలు అన్నీ తీసేసి ఒక కాగితం మీద రాసుకున్నాను. మిగిలింది ఇది:

"ఇల్లు అమ్మడం తప్ప వేరే దారి లేదు. నాకు అప్పులున్నాయి."
"నాన్న జ్ఞాపకాలున్న ఇంటిని అమ్మడం నాకు ఇష్టం లేదు."
"మీరేం నిర్ణయించినా నాకు సమ్మతమే. కానీ నా వాటా నాకు రావాలి."

అభిప్రాయాలు మూడు, గొంతు ఒక్కటే. ముగ్గురూ సాక్షి బోనులో నిలబడినట్టు మనసులో ఉన్నది పూర్తి వాక్యాల్లో అప్పజెప్పేస్తున్నారు. ముగ్గురికీ తమకేం కావాలో ఒకే స్థాయిలో తెలుసు, ముగ్గురూ ఒకే ధైర్యంతో చెబుతున్నారు. ఇంట్లో డబ్బు మాట వచ్చినప్పుడు ఎవరైనా ఇలా మాట్లాడగా విన్నావా?

నేను నమ్మేది ఒక్కటే. మనిషి గొంతు అతను వాడే పదాల్లో ఉండదు. అడిగినదానికి ఏం చేస్తాడన్న దాంట్లో ఉంటుంది. జవాబిస్తాడా, ఎదురు ప్రశ్న వేస్తాడా, వేరేవాళ్లను అడిగినదానికి మధ్యలో దూరతాడా? అది తేలాలంటే, ఈ పది నిమిషాల మాటల్లో వాడికేం కావాలో నీకు తెలియాలి. జీవితంలో ఏం కావాలన్నది కాదు, ఈ పది నిమిషాల్లో. నీ కథలో అన్నకు తన అప్పుల ఊసు రాకుండా పని అయిపోవాలి. అక్కకు తనను ముందే అడగలేదన్న సంగతి వాళ్ల నోటే రాబట్టాలి. తమ్ముడికి తాను డబ్బు మనిషినని ఎవరూ అనుకోకూడదు. ఇవన్నీ నీ కథలోనే ఉన్నాయి, నేను కల్పించలేదు. వీటిని పట్టుకుని ఆ సీను ఇలా రాసి చూశాను:

"కొనేవాళ్లు ఆదివారం వస్తామంటున్నారు."
"ఏ ఆదివారం?"
"వచ్చేదే. చూసి పోతారంతే."
"వెనక గది కారుతుందని చెప్పావా వాళ్లకి?"
"అక్కా, ముందు అన్నయ్య చెప్పేది విందాం."
"నువ్వు ఇదివరకే విన్నావా?"
"నేనా? నాకేం తెలుసు. అంటే, మొన్న ఫోన్లో ఏదో అంటుంటే..."

పేర్లు లేవు, 'అన్నాడు', 'అంది' లేవు. అయినా ఎవరు మాట్లాడుతున్నారో నువ్వు ఎక్కడా తడుముకోవు. అన్న నోట 'నేను' రాలేదు చూడు. క్రియలన్నీ వేరేవాళ్లవి, వస్తామనేదీ వాళ్లే, చూసి పోయేదీ వాళ్లే. అక్కవన్నీ ప్రశ్నలే, అవి కూడా జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు. తమ్ముడు తననెవరూ అడగకముందే సర్దిచెబుతాడు, అడిగితే వాక్యం పూర్తి చెయ్యలేడు. 'అమ్మడం' అనే మాట మాత్రం ముగ్గురిలో ఒక్కరూ ఎత్తలేదు.

ఇలా రాయడానికి మన క్రియల చివరలు చాలా సాయం చేస్తాయి. 'అమ్మేస్తాను' అనేవాడు వేరు, 'అమ్మేద్దాం' అనేవాడు వేరు. 'అమ్మితే మంచిదేమో' అనేవాడు రేపు తేడా వస్తే తప్పుకోవడానికి దారి ఉంచుకున్నాడు. 'అమ్మక తప్పదు' అనేవాడు ఆ పని తాను చెయ్యడం లేదనీ, పరిస్థితులు చేయిస్తున్నాయనీ చెప్పుకుంటున్నాడు. నాలుగూ మామూలు తెలుగే, ఒక్కదానికీ యాస లేదు. నీ పాత్రల్లో ఎవరు ఏ చివర వాడతారో తెలిస్తే సగం పని అయినట్టే.

పరీక్ష కూడా సులువే. ఒకరి మాట తీసి ఇంకొకరి నోట పెట్టు. 'చూసి పోతారంతే' అన్నది అక్కతో అనిపించు. వెంటనే ఆమె అన్న పక్షం అయిపోతుంది, కథ తలకిందులవుతుంది. అంటే ఆ మాట కచ్చితంగా అన్నయ్యదే. నీ రాతప్రతిలోని 'సమ్మతమే' అన్న వాక్యం ముగ్గురిలో ఎవరికిచ్చినా ఏమీ చెదరదు, కాబట్టి అది ఎవరిదీ కాదు. దానికి రంగులద్దడం మానేసి కొట్టెయ్యి.

ఈ పరీక్ష నాకు నేర్పినవాడు ఇంకో సంపాదకుడు, తనకు తెలియకుండానే. పేజీలో పట్టడం లేదని నా కథలో రెండు సంభాషణలు కలిపేసి, కోడలి మాట అత్తగారి నోట పెట్టి అచ్చువేశాడు. నాకొక మాటైనా చెప్పలేదు. ఆవిడ అంత గయ్యాళి కదా, చివర్లో అలా ఎందుకు మెత్తబడిందని పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిని తీసుకెళ్లి ఆయన ముందు పెడితే, 'చూశారా, చర్చ జరుగుతోంది' అని సంబరపడ్డాడు! వారం పాటు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. కానీ ఒకటి మాత్రం అర్థమైంది. ఒక్క వాక్యం చోటు మారితే పాఠకుడికి గుచ్చుకుందంటే, తక్కిన వాక్యాలన్నీ వాటి మనుషుల దగ్గరే ఉన్నాయన్నమాట.

ఒక ప్రమాదం ఉంది. అక్క కథంతా ప్రశ్నలే వేస్తూ పోతే అదీ ఊతపదమే అవుతుంది, నీ 'అసలు'కీ దానికీ తేడా ఉండదు. మనిషి ఎదుటివాళ్లను బట్టి మారతాడు. ఈ అన్నే ఇల్లు కొనేవాళ్లతో మాట్లాడేటప్పుడు ప్రతి మాటకీ ముందు 'నేను' అంటాడు, అక్కడ అతను ఇంటి పెద్ద. అక్క తన పిల్లలతో ఒక్క ప్రశ్నా వెయ్యకపోవచ్చు. ఇక తోబుట్టువుల ముందు అన్న మొదటిసారి 'నేను తీర్చలేకపోతున్నానే' అనే చోటు ఒకటి కథలో రావాలి. అది ఒక్కసారే రావాలి, ఎక్కడ రావాలన్నది నీ ఇష్టం. అంతవరకూ ఆ 'నేను' దాచి ఉంచితేనే అక్కడ పాఠకుడికి వినబడుతుంది.

అలాగని తలుపు దగ్గర నిలబడి ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయే పక్కింటాయనకు కూడా ప్రత్యేకమైన గొంతు వెతక్కు. టైమ్ దండగ.

కలం పేరు గురించీ, ఏ పత్రికకు పంపాలన్న దాని గురించీ అడిగావు. అవి తర్వాత. ముందు ఆ ఇంటి సీను ఒక్కటి తిరగరాసి పంపు, కథ మొత్తం వద్దు. ఎవరు అన్నారో ఎక్కడా రాయకు. నేను ప్రతి మాట పక్కనా పెన్సిల్‌తో పేరు రాసి తిప్పి పంపుతాను. ఎక్కడ నేను తప్పు పేరు రాశానో అక్కడ నీకు పని ఉన్నట్టు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు రచయిత్రి