షేర్లు అమ్మిన డబ్బు లెడ్జర్‌లో ఉంది, విత్‌డ్రా అవ్వట్లేదు: మధ్యలో ఫిబ్రవరి 19 ఉంది

ప్రశ్న: సార్, మాది పర్లాకిమిడి. మంగళవారం (18 ఫిబ్రవరి 2025) 1,20,000 రూపాయల షేర్లు అమ్మాను. బ్రోకర్ దగ్గరున్న నా ఖాతా లెడ్జర్‌లో 1,21,892 క్రెడిట్ అని ఉంది, కానీ విత్‌డ్రా చేద్దామంటే 2,300 మాత్రమే చూపిస్తోంది. ఈరోజు బుధవారం, మా బ్యాంకు తెరిచే ఉంది, మార్కెట్ కూడా నడిచింది. విశాఖలో అమ్మాయి హాస్టల్ ఫీజు శుక్రవారం కట్టాలి. నా డబ్బు ఎక్కడ ఆగింది?

జవాబు: మీ డబ్బుకేం కాలేదు, టెన్షన్ పడకండి. మీ బ్రోకర్ కూడా పట్టుకుని కూర్చోలేదు. ఈరోజు ఫిబ్రవరి 19, శివాజీ జయంతి. మహారాష్ట్రలో బ్యాంకులకు సెలవు. ఒడిశాలో సెలవు లేదు కాబట్టి మీ బ్యాంకు తెరిచే ఉంది, కానీ షేర్ల లావాదేవీల డబ్బు చేతులు మారేది ముంబైలోని క్లియరింగ్ బ్యాంకుల ద్వారా. అవి మూసి ఉంటే మార్కెట్లో కొనుగోళ్లు, అమ్మకాలు మామూలుగా జరుగుతాయి గానీ ఆ రోజు సెటిల్‌మెంట్, అంటే డబ్బూ షేర్లూ చేతులు మారడం, జరగదు. దీన్నే సెటిల్‌మెంట్ హాలిడే అంటారు. ఎక్స్ఛేంజ్ సెలవుల పట్టికలో ట్రేడింగ్ సెలవులు వేరు, క్లియరింగ్ సెలవులు వేరు, మనలో చాలామంది మొదటిది మాత్రమే చూసుకుంటాం.

2023 జనవరి 27 నుంచి మన మార్కెట్లో అన్ని షేర్లకూ టీ ప్లస్ వన్ పద్ధతి వచ్చింది, అంటే అమ్మిన రోజు కాకుండా తర్వాతి సెటిల్‌మెంట్ రోజున డబ్బు వస్తుంది. మామూలు వారంలో అయితే మీ మంగళవారం అమ్మకం బుధవారమే సెటిల్ అయిపోయేది. ఈసారి బుధవారం లెక్కలోకి రాదు కాబట్టి గురువారం, 20వ తేదీన అవుతుంది. మీ పక్కింటాయన అవే షేర్లు ఈరోజు అమ్మి ఉంటే ఆయనకీ 20నే సెటిల్ అవుతుంది, మీరు ఒకరోజు ముందు అమ్మినందుకు ఈసారి ముందుగా వచ్చేదేమీ లేదు.

ఇప్పుడు లెడ్జర్ సంగతి. మంగళవారం రాత్రి మీ బ్రోకర్ ఆ రోజు అమ్మకానికి బిల్లు వేశాడు, అది మీ లెడ్జర్‌లో క్రెడిట్‌గా ఎక్కింది. అందులో మీకు 1,20,000 కనిపించదు, ఎందుకంటే చార్జీలు తీసేసి మిగిలింది మాత్రమే రాస్తారు. మీ పాత నిల్వ 2,300 అనుకుంటే బిల్లు 1,19,592కి వచ్చింది, అంటే 408 తగ్గింది. బ్రోకరేజీ 0.2 శాతం ఉంటే ఈ లెక్క సరిపోతుంది: బ్రోకరేజీ 240, షేర్ల లావాదేవీల మీద ప్రభుత్వం వేసే పన్ను ఎస్‌టీటీ అమ్మకం విలువలో 0.1 శాతం కాబట్టి 120, ఎక్స్ఛేంజ్ చార్జీ, సెబీ రుసుము రెండూ కలిపి నాలుగు రూపాయల లోపే, ఎస్‌టీటీ తప్ప మిగతా వాటి మీద 18 శాతం జీఎస్‌టీ దాదాపు 44. స్టాంప్ డ్యూటీ కొన్నవాళ్లకే, అమ్మిన మీకు ఉండదు. ఆ రోజు లావాదేవీలకి బ్రోకర్ పంపిన మంగళవారం కాంట్రాక్ట్ నోట్ తెరిచి ఈ అంకెలు పోల్చుకోండి, బిల్లు మొత్తం అందులో ఉన్నదానికి పైసాతో సహా సరిపోవాలి. ఇది కాక డీమాట్ నుంచి షేర్లు బయటికి వెళ్లినందుకు డీపీ చార్జీ అని ఇంకో చిన్న డెబిట్ విడిగా పడుతుంది, అది కాంట్రాక్ట్ నోట్‌లో ఉండదు, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా లెడ్జర్‌లో కనబడితే కంగారు పడకండి.

అసలు తికమక తేదీల దగ్గర వస్తుంది. లెడ్జర్‌లో ఆ బిల్లు పక్కన 18వ తేదీ ఉంటుంది, దాన్ని చూసి డబ్బు 18నే వచ్చేసిందని అనుకుంటాం. అది బిల్లు తేదీ మాత్రమే. అదే వరుసలో గానీ, వివరాలు తెరిస్తే గానీ సెటిల్‌మెంట్ నంబరు, సెటిల్‌మెంట్ తేదీ ఉంటాయి, మీరు చూడాల్సింది ఆ తేదీని. కొందరు బ్రోకర్లు సెటిల్ అయ్యే రోజు తేదీతోనే బిల్లు ఎక్కిస్తారు, వాళ్ల దగ్గర ఈ గొడవ ఉండదు. విత్‌డ్రా బ్యాలెన్స్ లెక్క ఇలా కడతారు: లెడ్జర్ క్రెడిట్‌లోంచి ఇంకా సెటిల్ కాని అమ్మకాల బిల్లులు తీసేస్తారు, వేరే ట్రేడ్ల కోసం పూచీగా ఆగి ఉన్న మార్జిన్ తీసేస్తారు, పడాల్సిన చార్జీలు తీసేస్తారు. మీ 1,21,892లోంచి 1,19,592 పోతే 2,300. మీ స్క్రీన్ మీద ఉన్నది సరిగ్గా అదే.

మూడో అంకె ఇంకోటి ఉంటుంది, కొత్త షేర్లు కొనడానికి ఎంత ఉందో చూపేది. అమ్మిన డబ్బుతో అదే రోజు మళ్లీ కొనుక్కోనిస్తారు కాబట్టి అక్కడ పెద్ద మొత్తం కనిపిస్తుంది. దాన్ని చూసి ఏదైనా కొన్నారంటే ఆ మేరకు గురువారం విత్‌డ్రా బ్యాలెన్స్ తగ్గిపోతుంది. ఫీజు కట్టేదాకా ఆ ఖాతాలో ఏమీ కొనకండి, దయచేసి.

ఇంకొకటి ఈ రాత్రే చూసుకోండి. అమ్మిన షేర్లు మీ డీమాట్ నుంచి నిజంగా వెళ్లాయా? అమ్మేటప్పుడు టీపిన్, ఓటీపీతో అనుమతి ఇచ్చారా, లేక అమ్మిన షేర్లు తీసుకునే అనుమతి బ్రోకర్‌కి ముందే ఇచ్చే డీడీపీఐ పత్రం మీద సంతకం చేసి ఉన్నారా? డెబిట్ అయితే, మీ షేర్లు దాచి ఉంచే సంస్థ డిపాజిటరీ నుంచి ఎస్సెమ్మెస్ వస్తుంది. అనుమతి లేక షేర్లు వెళ్లకపోతే ఎక్స్ఛేంజ్ వాటిని వేలంలో కొని అవతలివాళ్లకి ఇస్తుంది, ఆ ఖర్చు మీ లెడ్జర్‌లో డెబిట్‌గా పడుతుంది, ఇప్పుడు కనిపిస్తున్న క్రెడిట్‌ని అది తినేస్తుంది. ఎస్సెమ్మెస్ వచ్చి ఉంటే ఈ భయం లేదు.

గురువారం మధ్యాహ్నం తర్వాత పేఅవుట్, అంటే మీ అమ్మకం డబ్బు, మీ బ్రోకర్‌కి చేరుతుంది. మీ యాప్‌లో విత్‌డ్రా అంకె మారేది ఆ సాయంత్రమో, శుక్రవారం పొద్దుటో, అది బ్రోకర్‌ని బట్టి ఉంటుంది. రిక్వెస్ట్ పెట్టడానికి రోజూ ఒక గడువు ఉంటుంది, అది దాటితే తర్వాతి పని దినానికి వెళుతుంది. అందుకని రేపు పొద్దున్నే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి రెండే విషయాలు అడగండి: అంకె ఎప్పుడు మారుతుంది, రిక్వెస్ట్ గడువు ఎన్ని గంటలకి. మీరు రిక్వెస్ట్ పెట్టాక లెడ్జర్‌లో డెబిట్ ఎంట్రీ పడుతుంది, అంటే బ్రోకర్ పంపించాడు అని, మీ బ్యాంకులో చేరిందని కాదు, బ్యాంకు మెసేజ్ వచ్చాకే నమ్మండి.

మీ సరిహద్దు ఊళ్లలో పాత ఆంధ్రా బ్యాంక్ ఖాతాలు ఇంకా చాలామందికి ఉన్నాయి, అందుకే చెబుతున్నా. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు మారాయి. బ్రోకర్ దగ్గర మీ ఖాతా వివరాల్లో కోడ్ ఇంకా `ANDB`తో మొదలవుతుంటే పంపిన డబ్బు వెనక్కి రావచ్చు, అప్పుడు లెడ్జర్‌లో ఆ డెబిట్ కింద అదే మొత్తం క్రెడిట్‌గా తిరిగి పడుతుంది. ఇప్పుడు అది `UBIN`తో మొదలవ్వాలి. కానీ ఖాతా వివరాలు మార్చడానికి కొన్ని రోజులు పడుతుంది, అది శుక్రవారంలోపు అయ్యే పని కాదు.

అన్నీ సవ్యంగా జరిగినా డబ్బు చేరేది శుక్రవారం. ఏ సమయానికో నేను చెప్పలేను. శుక్రవారం తప్పితే 22 నాలుగో శనివారం, ఆ తర్వాత ఆదివారం, సోమవారం దాకా చూడాల్సి రావచ్చు. కాబట్టి రేపే హాస్టల్ వాళ్లకి ఫోన్ చేసి సోమవారం, 24 వరకు గడువు అడగండి. ఇవ్వకపోతే చుట్టాల దగ్గర నాలుగు రోజులకి చేబదులు తీసుకోండి, దీని కోసం క్రెడిట్ కార్డు మీద క్యాష్ మాత్రం తీయకండి, దానికి తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది.