40 కిలోల దగ్గర ఆగిపోయిన బెంచ్ ప్రెస్

ప్రశ్న: అమీర్‌పేట హాస్టల్‌లో ఉంటున్నా. జిమ్‌లో చేరి ఆరు నెలలైంది. బెంచ్ ప్రెస్ 40 కిలోలతో 8 రెప్స్ వస్తున్నాయి. వారం వారం బరువు పెంచాలంటారు, కానీ 45 వేస్తే 4 రెప్స్ దాటట్లేదు, మళ్లీ 40కే దిగుతున్నా. అసలు కొంచెం కొంచెం పెంచితే బలం ఎలా వస్తుంది? నేనేం చేయాలి అన్నా?

తమ్ముడూ, 45తో 4 రెప్స్ రావడం లెక్క ప్రకారం సరిగ్గానే ఉంది. నీ బలం తగ్గలేదు, నువ్వు వేసే మెట్టే పెద్దది. మీ జిమ్‌లో అన్నిటికన్నా చిన్న ప్లేటు రెండున్నర కిలోలదై ఉంటుంది. మూసాపేటలో నేను చేసే జిమ్‌లోనూ అంతే. రాడ్‌కి అటొకటి ఇటొకటి వేస్తే ఒకేసారి 5 కిలోలు పెరుగుతాయి. 40 మీద 5 అంటే ఎనిమిదో వంతు. ఒక్క వారంలో అంత బలం ఎవరికీ రాదు, ఆరు నెలలు దాటినవాళ్లకి అసలే రాదు.

ఒక చిన్న లెక్క చూడు. ఒక్క రెప్‌కి గరిష్ఠంగా ఎంత ఎత్తగలమో అంచనా వేయడానికి జిమ్‌లలో ఎక్కువగా వాడే ఎప్లీ సూత్రం ఇది:

బరువు × (1 + రెప్స్ ÷ 30)

నీ 40 కిలోల 8 రెప్స్ దీంట్లో వేస్తే దాదాపు 50.7 కిలోలు వస్తుంది. 45తో 4 రెప్స్ వేసి చూస్తే 51. అంటే రెండూ ఒకే బలం, రెండు రూపాల్లో. 45తో కూడా 8 కొట్టాలంటే 57 కిలోల బలం కావాలి. అదే 40తో 12 రెప్స్ కొట్టగలిగితే 56, దాదాపు అక్కడికి చేరినట్టే. ఇది అంచనా మాత్రమే, మనిషిని బట్టి ఒకటి రెండు రెప్స్ తేడా వస్తుంది, 12 రెప్స్ దాటాక సరిగ్గా నప్పదు కూడా. కానీ దీన్నుంచి పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. 40 కిలోల మీద ఒక్క రెప్ పెరగడమంటే నీ గరిష్ఠ బలం సుమారు 1.3 కిలోలు పెరిగినట్టు. మీ జిమ్‌లో లేని చిన్న ప్లేటు పని రెప్ చేసిపెడుతుంది.

ఇక కొంచెం కొంచెం పెంచితే బలం ఎందుకొస్తుందన్న సంగతి. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు, బరువు పెంచితే దాని వెనక బలం వస్తుందనుకుంటారు. నిజానికి బలం ముందొస్తుంది, బరువు దాని వెనక పెరగాలి. కండరంలో ఒక్కో నరం కొన్ని నారల గుంపును నడిపిస్తుంది. పని తేలికగా ఉంటే మెదడు చిన్న గుంపులతోనే సరిపెట్టుకుంటుంది. బరువు ఎక్కువైనప్పుడో, సెట్ చివర అలసట ముంచుకొచ్చినప్పుడో పెద్ద గుంపులను కూడా దింపుతుంది. ఎక్కువ బలమూ, ఎక్కువగా పెరిగే గుణమూ ఉన్నవి ఆ పెద్ద గుంపులే. నీ 8 రెప్స్ సెట్‌లో ఆరు, ఏడు, ఎనిమిది రెప్స్ నెమ్మదిస్తాయి చూడు, రాడ్ సగం దారిలో బరువెక్కుతుంది. అక్కడే అన్ని గుంపులూ పూర్తి ఒత్తిడి కింద పనిచేస్తాయి. ఆ ఒత్తిడికి బదులుగా కండరం ఆ తర్వాత ఒకటి రెండు రోజులు మామూలుకన్నా ఎక్కువ వేగంగా ప్రొటీన్ కట్టుకుంటుంది.

కొన్ని వారాలకి బలం కాస్త పెరిగిందనుకో. అప్పుడు అదే 40, అదే 8 రెప్స్ కొడితే చివర ఇంకో రెండు మూడు రెప్స్ చేతుల్లో మిగిలిపోతాయి. పెద్ద గుంపులకి పని తగ్గింది. కండరానికి కొత్తగా పెరగాల్సిన కారణం ఇక లేదు. అందుకే ఒక రెప్ కలపాలి. కలిపితే సెట్ మునుపటికన్నా భయంకరంగా ఏమీ మారదు, మొదటి వారం ఎంత కష్టంగా ఉందో అంతే కష్టంగా నిలబడుతుంది. బలం పెరిగినకొద్దీ కష్టాన్ని ఆ స్థాయిలోనే ఉంచడం, ప్రోగ్రెసివ్ ఓవర్‌లోడ్ అంటే ఇంతే.

జిమ్‌లో చేరిన మొదటి నెలల్లో బరువు వారం వారం ఎందుకు పెరిగిందో కూడా దీంతో తెలుస్తుంది. అప్పుడు కండ పెద్దగా పెరగదు, ఉన్న గుంపులను మెదడు ఒక్కసారిగా, వేగంగా పిలవడం నేర్చుకుంటుంది. ఆ నేర్చుకోవడం తొందరగా అయిపోతుంది. ఆ తర్వాత వచ్చే బలంలో ఎక్కువ వాటా కండ పెరగడం నుంచే రావాలి, అది నెమ్మది పని. నువ్వు ఇప్పుడు ఆ మలుపు దగ్గరున్నావు.

వారం వారం పెంచడమన్న పద్ధతి ఎక్కడిదో తెలుసుకుంటే దాన్ని ఎలా వాడాలో తెలుస్తుంది. థామస్ డిలోర్మ్ అమెరికా సైన్యంలో డాక్టర్. చికాగోలోని గార్డినర్ జనరల్ హాస్పిటల్‌లో గాయపడిన సైనికుల కాళ్లకి బలం తెప్పించే పని చూసేవాడు. తన పద్ధతిని 1945లో ప్రచురించాడు. రోగి 10 సార్లు ఎత్తగల బరువెంతో వారానికోసారి కొలిచేవాడు, తర్వాతి వారం బరువు ఆ కొలతను బట్టి పెట్టేవాడు. కొలత ముందు, పెంచడం తర్వాత. సోమవారం వచ్చింది కాబట్టి 5 కిలోలు వెయ్యి అనే ట్రైనర్ మాటకీ దీనికీ చాలా తేడా ఉంది.

నీకు పనికొచ్చే పద్ధతి ఇది. 8 నుంచి 12 రెప్స్ మధ్య తిరుగు. వారానికి రెండుసార్లు బెంచ్, మూడేసి సెట్లు, సెట్టుకీ సెట్టుకీ మధ్య మూడు నిమిషాల విరామం. 40 మీదే ఉండి రెప్స్ మాత్రమే పెంచు. మూడు సెట్ల మొత్తం రాసుకో, పోయినసారి కన్నా ఒక్కటి ఎక్కువైనా పెరిగినట్టే. మా జిమ్‌కి వచ్చే ఒక కుర్రాడు సరిగ్గా నీలాగే 40 దగ్గర ఆగితే ఇదే చేయించాను. అతని నోట్‌బుక్‌లో మొదటి వారం 8, 7, 6 అని ఉంది, మొత్తం 21. తర్వాత 8, 8, 7. తర్వాత 9, 8, 8. ఆ పైన 10, 9, 8. మధ్యలో ఒక వారం పరీక్షల వల్ల నిద్ర లేక 9, 9, 8కి జారాడు, ఆ పై వారం 10, 10, 9తో తేరుకున్నాడు. 12, 11, 10 చేరాక 45 వేయించాను. 7, 6, 6 వచ్చాయి. అతను నిరాశపడ్డాడు కానీ నాకు సంతోషమేసింది, ఎందుకంటే లెక్క చెప్పింది 7 లేదా 8. ఇక 45 మీద అదే నిచ్చెన మళ్లీ మొదలు.

దీనికన్నా తొందరగా కావాలంటే కిలోంపావు ప్లేట్లు ఒక జత కొనుక్కో. కోఠిలోనో సికింద్రాబాద్‌లోనో స్పోర్ట్స్ షాపుల్లో అడిగితే దొరుకుతాయి, బ్యాగులో పెట్టుకుని తీసుకెళ్లొచ్చు. అప్పుడు మెట్టు రెండున్నర కిలోలే. 40తో 10 రెప్స్ అంటే 53.3, 42.5తో 8 అంటే 53.8. అంటే 5 కిలోల మెట్టుకి నాలుగు రెప్స్ సంపాదించాల్సి వస్తే, రెండున్నర మెట్టుకి రెండే చాలు. నేను ఇప్పటికీ నా జత మోసుకెళ్తాను. జిమ్ వాళ్లు వింతగా చూసినా పట్టించుకోవద్దు.

పెరిగిందా లేదా అన్నది నిజంగా తెలియాలంటే మిగతావన్నీ కదలకుండా ఉండాలి. ముందు రాడ్ బరువు కనుక్కో. మన కాలనీ జిమ్‌లలో 20 కిలోల రాడ్ పక్కనే 15, 10 కిలోల రాడ్లు కలిసిపోయి ఉంటాయి, చూడ్డానికి ఒకేలా కనిపిస్తాయి. బాత్రూమ్ తూకం మీద ఒకసారి నిలబెట్టి చూసి, ఎప్పుడూ అదే వాడు. విరామం ఫోన్‌లో టైమర్ పెట్టి చూసుకో, సాయంత్రం బెంచ్ మీద నలుగురు పంచుకుంటుంటే అది రెండు నిమిషాలకీ కుంచించుకుపోతుంది, ఆరు నిమిషాలకీ సాగుతుంది, రెప్స్ దానితో పాటే మారతాయి. వెనకాల నిలబడ్డవాడు "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటూ రాడ్ పట్టి లాగిన రెప్ రాసుకోకు. అతను ఉండాల్సిందే, ప్రాణానికి భద్రత, కానీ అతని చేయి తగిలిన దగ్గర నీ లెక్క ఆగిపోవాలి. పక్క నుంచి వీడియో తీసుకో. రాడ్ ఛాతీకి తాకుతోందా, ఛాతీ మీద ఎగిరి పైకొస్తోందా, నడుము కింది భాగం బెంచ్ నుంచి లేస్తోందా చూడు. 45 పెట్టి సగం దాకా దించిన 8 రెప్స్ కన్నా 40తో ఛాతీని తాకించిన 9 రెప్స్‌లో బలం ఎక్కువ.

ఇదే లెక్క డంబెల్స్‌కి వేసి చూస్తే భుజాల దగ్గర అందరూ ఎందుకు ఆగిపోతారో అర్థమవుతుంది. 10 కిలోల డంబెల్ నుంచి 12.5కి వెళ్లడమంటే నాలుగో వంతు పెరగడం. 10తో 8 రెప్స్ వచ్చేవాడు 12.5తో కూడా 8 కొట్టాలంటే ముందు 10తో 17, 18 దాకా చేరాలి. అదే స్క్వాట్‌లో 80 నుంచి 85కి వెళ్లడం ఆరు శాతమే, రెండు రెప్స్ పెరిగితే మెట్టు ఎక్కేయొచ్చు. ప్రతి వ్యాయామానికీ "వారానికి ఇంత" అని ఒకే అంకె పెట్టడం అందుకే కుదరదు.

వారం వారం పెరగడం ఎప్పటికీ సాగదు. వారానికి రెండున్నర కిలోల చొప్పున ఏడాది పాటు పెరిగితే నీ 40 కాస్తా 170 అవుతుంది, అలా ఎవరికీ జరగదు. కొన్నాళ్లకి రెండు మూడు వారాలకొక రెప్, ఆ తర్వాత నెలకొకటి వస్తుంది, అదీ పెరుగుదలే. ఒక్క రోజు రెప్స్ తగ్గితే ఏమీ మార్చకు. మే నెలలో ఫ్యాన్ కింద చేసే జిమ్‌లో, రాత్రి సరిగా నిద్ర లేని రోజు, హాస్టల్‌లో సాంబారన్నంతో సరిపెట్టుకున్న వారం ఒకటి రెండు రెప్స్ పోవడం మామూలే. గుడ్లు, పెరుగు, పప్పు పెంచి, నిద్ర సరిచూసుకున్నాక కూడా వరసగా మూడుసార్లు మొత్తం తగ్గుతూ పోతే, బరువు పదో వంతు దించు. 40 అయితే 36 దగ్గరికి, మీ ప్లేట్లతో 35కి. ఒక వారం అక్కడ తేలిగ్గా చేసి మళ్లీ 40తో మొదలుపెట్టు. భుజం ముందు భాగంలో రాడ్ దించేటప్పుడు గుచ్చినట్టు నొప్పి ఉంటే మాత్రం ఇదంతా పక్కన పెట్టి, ముందు ఫిజియోథెరపిస్ట్‌కి చూపించుకో.

వచ్చే సోమవారం 40తోనే మొదలుపెట్టి, మూడు సెట్లలో ఎన్నెన్ని వచ్చాయో ఇక్కడ రాయి. గురువారానికి ఎంత ఆశించాలో చెప్తాను.