సీసీఐ, విలియమ్స్ %R: లెక్కలో తేడా

ప్రశ్న: షేర్ల చార్టుల్లో వాడే సీసీఐ, అంటే కమోడిటీ చానల్ ఇండెక్స్, విలియమ్స్ %R అనే ఈ రెండు సూచికలూ ఇటీవలి ధరల శ్రేణి నుంచే వస్తాయి కదా, మరి ఒకే రోజు వేర్వేరు మాటలు ఎందుకు చెబుతాయి?

విలియమ్స్ %R రెండు కొసలనే కొలబద్దగా తీసుకుంటుంది. సాధారణంగా 14 రోజుల గరిష్ఠం, కనిష్ఠాల మధ్య నేటి ముగింపు ధర ఎక్కడుందో చెబుతుంది కనుక, అది 0, −100 దాటి పోలేదు.

```
%R = (గరిష్ఠం − ముగింపు) / (గరిష్ఠం − కనిష్ఠం) × −100
CCI = (TP − TP సగటు) / (0.015 × సగటు విచలనం)
```

గరిష్ఠం 120, కనిష్ఠం 100, ముగింపు 118 అయితే %R విలువ −10. ఆ 100 ఒక్కరోజు పతనమై, రేపు లెక్కలోంచి జారిపోయి, కొత్త కనిష్ఠం 108 అయిందనుకోండి. ముగింపు కదలకపోయినా %R −16.7కు దిగుతుంది. నా దృష్టిలో దాని అసలు బలహీనత ఇదే.

సీసీఐలో TP అంటే ఆ రోజు గరిష్ఠం, కనిష్ఠం, ముగింపుల సగటు. సాధారణంగా 20 రోజుల TPలన్నీ లెక్కలోకి వస్తాయి కనుక ఒక్క కొస దాన్ని అంతగా కుదపదు. TP 118, సగటు 110, విచలనం 4 అయితే సీసీఐ 133; విచలనం 2 అయితే అదే ధరకు 267. అంటే ఇది ధర స్థానాన్ని కాక, మామూలు ఊగిసలాటతో పోల్చితే అది ఎంత అసాధారణమో కొలుస్తుంది, దీనికి %Rలా 0, −100 హద్దులు లేవు. విచలనం కోసం ఆ 20 రోజుల్లో ప్రతి రోజు TP దూరాన్నీ నేటి సగటు నుంచే కొలవాలి. ఏ రోజుకారోజు సగటు వాడితే ఫలితం చార్టుతో సరిపోలదు.