సీపీఐకి ముడిపెట్టిన మూడేళ్ల హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు: బడ్జెట్‌లో పెంపు ఎంత వేసుకోవాలి?

ప్రశ్న: "మా ఆఫీసుకి మూడేళ్ల హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు ఇస్తున్నాం. నెలకి 10 లక్షలు. ఏటా సీపీఐ, అంటే వినియోగదారుల ధరల సూచీ ప్రకారం రేటు సవరిస్తామని అగ్రిమెంట్‌లో ఉంది. మా అకౌంట్స్ వాళ్లు ఏటా 6 శాతం వేసేయమంటున్నారు. అది సరైన పద్ధతేనా? అదనంగా ఎంత పక్కన పెట్టాలి?"

జవాబు:

శాతం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ క్లాజు రెండుసార్లు చదవండి. హైదరాబాద్‌లో ఒక కంపెనీకి ఇలాంటి కాంట్రాక్టుల బడ్జెట్లు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ధరలు ఎంత పెరుగుతాయో తెలియక లెక్క తప్పడం కంటే, క్లాజు ఏం చెబుతోందో చూడక తప్పడమే ఎక్కువ.

మొదట తేల్చుకోవాల్సింది, మొత్తం రేటుకి సీపీఐ వర్తిస్తుందా, కొంత భాగానికేనా అన్నది. ఏజెన్సీ లాభం, సూపర్‌విజన్ చార్జీలు పెంపులోకి రావని చాలా అగ్రిమెంట్లలో రాస్తారు. అప్పుడు సూత్రం ఇలా ఉంటుంది:

```
P = P0 * (0.20 + 0.80 * I / I0)
```

P0 మొదటి రేటు, I0 బేస్ నెల సూచీ, I సవరణ నాటి సూచీ. ఇక్కడ 20 శాతం కదలదు, 80 శాతం మాత్రమే సూచీతో పాటు కదులుతుంది. అంటే సీపీఐ 6 శాతం పెరిగినా మీ బిల్లు పెరిగేది 4.8 శాతమే. మీ అగ్రిమెంట్‌లో ఈ విభజన లేకపోతే ఇప్పుడే అడగండి. సంతకాలయ్యాక అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

ఈ సూత్రాన్ని నిజమైన అంకెల మీద ఒకసారి నడిపి చూద్దాం. కార్మికుల వేతనాలకు సంబంధించిన కాంట్రాక్టుల్లో మామూలుగా వాడేది లేబర్ బ్యూరో ఇచ్చే పారిశ్రామిక కార్మికుల సూచీ, అదే సీపీఐ-ఐడబ్ల్యూ. 2016ని 100గా తీసుకున్న సిరీస్‌లో ఇది 2022 మార్చిలో 126.0, 2023 మార్చిలో 133.3, 2024 మార్చిలో 138.9. మీలాంటి కాంట్రాక్టే 2022 జులై 1న మొదలై, ఏటా జులై 1న ఆ ఏడాది మార్చి సూచీతో రేటు మారిందనుకోండి. మొదటి ఏడాది నెలకి 10,00,000. రెండో ఏడాది 10,46,349. మూడో ఏడాది 10,81,905. మూడేళ్లకి మొత్తం దాదాపు 375.4 లక్షలు. రేటు అసలు మారకపోతే 360 లక్షలు కాబట్టి అదనపు భారం 15.4 లక్షలు.

మీ అకౌంట్స్ వాళ్ల లెక్కలో ఏటా మొత్తం మీద 6 శాతం చొప్పున వేస్తే అదనం 22 లక్షలు అవుతుంది. దాదాపు 6.6 లక్షలు ఊరికే కట్టిపడేసినట్టు. ఆ డబ్బు చివరికి మిగులుతుంది, నిజమే. కానీ ఆ ఏడాది ఇంకో పని ఆపి మరీ దీన్ని పక్కన పెట్టి ఉంటారు.

ఇక ఆర్థిక సంవత్సరం. కాంట్రాక్టు ఏడాది జులై నుంచి జూన్, మీ బడ్జెట్ ఏప్రిల్ నుంచి మార్చి. కాబట్టి 2023-24లో మూడు నెలలు పాత రేటు, తొమ్మిది నెలలు కొత్త రేటు పడి 124.2 లక్షలు వస్తుంది. పన్నెండు నెలలూ కొత్త రేటు వేసేసిన షీట్లు ఎన్నో చూశాను. ఎక్సెల్‌లో ఏడాదికి ఒక వరస కాకుండా నెలకి ఒక వరస పెట్టుకుంటే ఈ తలనొప్పే ఉండదు.

బేస్ నెల ఏదన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ దాని మీదే చాలా ఆధారపడి ఉంటుంది. 2023 జులై గుర్తుందా? టమాటా కిలో 100 దాటిపోయిన నెల. ఆ ఒక్క నెలలో సూచీ 136.4 నుంచి 139.7కి ఎగబాకి, సెప్టెంబరుకి 137.5కి దిగింది. పైన చెప్పిన కాంట్రాక్టులోనే మార్చి బదులు జులై సూచీ అని రాసి ఉంటే, 2022 జులైలోని 129.9తో పోల్చి రెండో ఏడాది రేటు 10,60,354 అయ్యేది. నెలకి 14 వేలు, ఏడాదికి 1.68 లక్షలు ఎక్కువ. కూరగాయల ధరలు రెండు నెలల్లో తగ్గాయి, మీ రేటు మాత్రం మళ్లీ సవరణ దాకా తగ్గదు. ఒక నెల సూచీకి బదులు పన్నెండు నెలల సగటు పెట్టించుకుంటే ఈ కుదుపు చాలావరకు సర్దుకుంటుంది. ఏజెన్సీ వాళ్లు కూడా దీనికి పెద్దగా అభ్యంతరం చెప్పరు, ఎందుకంటే సూచీ పడిపోయిన నెల వాళ్లకి తగలొచ్చు.

జులై సూచీతో ఇంకో చిక్కు కూడా ఉంది. అది ఆగస్టు చివరి పనిదినానికి గానీ బయటికి రాదు. కాబట్టి రెండు నెలలు పాత రేటుకే బిల్లు కట్టి, తర్వాత అరియర్స్ ఇవ్వాలి. అరియర్స్ బిల్లు వచ్చాక డబ్బు వెతుక్కోకుండా ఆ తేడాని నెలనెలా ప్రొవిజన్ పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు డబ్బు పోయే చోటుకి వద్దాం. పైన మూడో ఏడాది రేటు ఎలా వచ్చింది? మొదటి రేటు 10 లక్షల మీద, మొదటి బేస్ 126.0తో. లేదా రెండో ఏడాది రేటు మీద, రెండో ఏడాది సూచీ 133.3తో లెక్కించినా 10,81,515 వస్తుంది. దాదాపు ఒకటే. కానీ క్లాజులో "ప్రస్తుత రేటుపై" అని రాసి, బేస్ మాత్రం 126.0 దగ్గరే వదిలేస్తే మొదటి ఏడాది పెంపు రెండోసారి పడుతుంది. 10,46,349 మీద మళ్లీ మొత్తం 8.19 శాతం వేస్తే 11,32,050. నెలకి 50 వేలు, ఏడాదికి 6 లక్షల పైమాట. మాకు ఒక ఏజెన్సీ నుంచి ఇలాంటి బిల్లే వచ్చింది. వాళ్లు మోసం చేశారని అనలేను, అక్షరాలా చదివితే క్లాజు అలాగే ఉంది. చివరికి రెండు వైపులా కూర్చుని సవరణ పత్రం రాసుకున్నాం. దీన్ని పసిగట్టడం తేలికే. సవరించిన రేటుని మొదటి రేటుతో భాగించండి, సూచీని బేస్ సూచీతో భాగించండి. రేటు పెరిగిన శాతం సూచీ పెరిగిన శాతాన్ని దాటిందంటే ఎక్కడో రెండుసార్లు పడినట్టే.

రెండుసార్లు పడే ఇంకో దారి వీడీఏ, అంటే ధరలతో పాటు మారే కరువు భత్యం. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ కనీస వేతనాల్లోని కరువు భత్యం ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. అది మారేదే సీపీఐ ప్రకారం. చాలా అగ్రిమెంట్లలో ఒక పేజీలో "కనీస వేతనాల పెంపు యథాతథంగా చెల్లించాలి" అని, ఇంకో పేజీలో "మొత్తం రేటుకి సీపీఐ సవరణ" అని ఉంటుంది. రెండూ ఉంటే ఒకే ధరల పెరుగుదలకి రెండుసార్లు డబ్బు కడతారు. జీతాల భాగానికి వీడీఏ, మెటీరియల్ లాంటి మిగతా భాగానికి సీపీఐ అని విడగొట్టించండి. అలా విడగొడితే బడ్జెట్‌లో ఒక సంగతి మరవొద్దు: జీతం 100 పెరిగితే యాజమాన్యం వాటా పీఎఫ్ 13, ఈఎస్ఐ 3.25 కలిసి బిల్లు 116 దాకా పెరుగుతుంది. బోనస్, శాతం లెక్కన ఇచ్చే కమిషన్ ఉంటే ఇంకా పైకి. ప్రభుత్వం కనీస వేతనాల జీవోనే సవరిస్తే వచ్చే పెంపు సీపీఐ అంచనాలో కనిపించదు కాబట్టి దానికి వేరే లైను పెట్టుకోవాలి.

సరే, రాబోయే మూడేళ్లకి ఏ శాతం వేయాలి? ఒకే అంకె వద్దు, మూడు వేయండి. మీ 10 లక్షల మీద, 80 శాతం విభజనతో, సీపీఐ ఏటా 3 శాతం పెరిగితే మూడేళ్ల అదనం 8.7 లక్షలు, 4.5 అయితే 13.2, 6.5 అయితే 19.1. నేనైతే మధ్య అంకెని బడ్జెట్‌లో పెట్టి, దానికీ పై అంకెకీ మధ్య ఉన్న 6 లక్షలని ఈ కాంట్రాక్టు పేరు మీద కాకుండా మొత్తం ఆఫీసు కంటింజెన్సీలో చూపిస్తాను. అడిగిన మేనేజ్‌మెంట్‌కి ఒక్క ముక్కలో చెప్పొచ్చు: సీపీఐ ఏటా ఒక శాతం ఎక్కువైతే మూడేళ్లలో మనకి దాదాపు 3 లక్షలు. ఆ మాటే వాళ్లకి గుర్తుంటుంది, షీట్ కాదు.

రిజర్వ్ బ్యాంకు చెప్పే ద్రవ్యోల్బణ అంచనాని నేరుగా ఇందులో దింపకండి. వాళ్లది వేరే సూచీ, దేశంలోని పల్లెలూ పట్టణాలూ కలిపినది. ఐడబ్ల్యూతో పోలిస్తే అందులో తిండి వాటా కూడా వేరు. దిశ తెలుసుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే.

క్లాజులో "కనీసం 4 శాతం పెంపు" లాంటిది ఉంటే మధ్య అంకె కూడా మారిపోతుంది. 2, 5, 8 శాతాల సగటు 5. కానీ 2 వచ్చిన ఏడాది కూడా మీరు 4 కడతారు కాబట్టి మీ సగటు 5.7 అవుతుంది. ముందు ప్రతి అంకెకీ క్లాజు వర్తింపజేసి, తర్వాత సగటు తీయండి. పై పరిమితి ఉన్నప్పుడూ ఇదే పద్ధతి.

ఈ అంకెలన్నీ జీఎస్టీ లేకుండా చెప్పినవి. ఇన్‌పుట్ క్రెడిట్ వచ్చే కంపెనీ అయితే వదిలేయొచ్చు. మీది ట్రస్టు లాంటిదై క్రెడిట్ రాకపోతే పెంపు మీద కూడా 18 శాతం కలపండి, 13.2 కాస్తా దాదాపు 15.5 లక్షలు అవుతుంది.