60 శాతం వాటా ఉన్నా సబ్సిడరీ కాదా?

"గ్రూప్‌కి ఆ కంపెనీలో 60 శాతం వాటా ఉంది, మిగతా 40 ఇంకొకరిది. కానీ వార్షిక నివేదికలో దాన్ని జాయింట్ వెంచర్ల కింద వేశారు. పొరపాటా?"

పొరపాటు కాకపోవచ్చండీ. సబ్సిడరీ అంటే గ్రూప్ ఒంటరిగా నియంత్రించే కంపెనీ. శాతం ఆరంభం మాత్రమే, అసలు విషయం వాటాదారుల ఒప్పందంలో ఉంటుంది. బడ్జెట్ ఆమోదం, సీఈవో నియామకం లాంటి కీలక నిర్ణయాలకు ఎంత ఓటు కావాలో అందులో చూడండి. 75 శాతం కావాలని రాసుంటే 60 ఉన్నవాళ్లు ఒంటరిగా ఏమీ చెయ్యలేరు, 40 ఉన్నవాళ్లూ చెయ్యలేరు, ఇద్దరూ సరేనంటేనే పని జరుగుతుంది. దాన్నే ఉమ్మడి నియంత్రణ అంటారు, అందుకే జాయింట్ వెంచర్.

అయితే రెండో వాళ్ల అనుమతి దేనికి కావాలన్నది ముఖ్యం. కంపెనీని మూసేయడానికో, వ్యాపారమే మార్చేయడానికో మాత్రమే అయితే అది వాళ్ల పెట్టుబడికి రక్షణ, అంతే. రోజువారీ పగ్గాలు 60 వాళ్లవే కాబట్టి సబ్సిడరీయే అవుతుంది. నేనూ మొదట్లో ఇక్కడే బోల్తా పడ్డాను.

ఇంకో తమాషా. అదే 75 శాతం నిబంధన ఉండి వాటాలు 60, 20, 20 అయితే, ఆ ఇద్దరిలో ఎవరు కలిసినా నిర్ణయం గట్టెక్కుతుంది. ఫలానా ఇద్దరూ కలవాలని ఒప్పందంలో లేకపోతే ఉమ్మడి నియంత్రణ లేనట్టే, 60 ఉండి కూడా అది అసోసియేటే, అంటే గట్టి ప్రభావం ఉన్నా నియంత్రణ లేని కంపెనీయే కావచ్చు!

ఒప్పందం చేతికి రాకపోతే గ్రూప్ ఖాతాల నోట్స్‌లో "ముఖ్యమైన నిర్ణయాలు, అంచనాలు" భాగం చదవండి, సగానికి పైగా వాటా ఉన్నా నియంత్రణ లేదని ఎందుకనుకున్నారో సాధారణంగా అక్కడే రాస్తారు.