బాత్రూమ్ కొటేషన్‌లో పన్ను మీద పన్ను

ప్రశ్న: సార్, మాది హన్మకొండలో పాత ఇల్లు. పైఅంతస్తు బాత్రూమ్ కొత్తగా చేయిద్దామని అడిగితే కాంట్రాక్టర్ కొటేషన్ ఇచ్చాడు. టైల్స్, పైపులు, శానిటరీ సామాను, సిమెంటు కలిపి రూ.70,800. లేబర్ రూ.50,000. వాటి మీద జీఎస్టీ 18 శాతం రూ.21,744. మొత్తం రూ.1,42,544. సగం అడ్వాన్స్ ఇమ్మంటున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ జీఎస్టీ లైను సంగతి తేల్చుకోండి. లెటర్‌హెడ్ మీద జీఎస్టీ నంబరు ఉందా? అంకెలు, అక్షరాలు కలిపి 15 ఉంటాయి. తెలంగాణలో తీసుకున్నదైతే 36తో మొదలవుతుంది. gst.gov.inలో Search Taxpayer దగ్గర ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీద ఉందో, ఇప్పుడు చెల్లుతుందో లేదో తెలుస్తుంది.

నంబరు లేకపోతే మీ దగ్గర జీఎస్టీ వసూలు చేసే హక్కు అతనికి లేదు. ఏడాదికి రూ.20 లక్షల లోపు పనిచేసే చిన్న కాంట్రాక్టర్ సాధారణంగా రిజిస్టర్ చేసుకోనక్కర్లేదు, అందులో తప్పేమీ లేదు. కానీ అప్పుడు ఆ లైను కొట్టేయాల్సిందే, మీరు ఇవ్వాల్సింది రూ.1,20,800. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ రేటుతో పన్ను కట్టే కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నా అంతే, పన్ను విడిగా వేయకూడదు.

మామూలుగా రిజిస్టరైన వాడైతే 18 శాతం వేయడం సరైనదే. అయితే దేని మీద వేశాడన్నదే అసలు ప్రశ్న. టైల్స్ షాపు బిల్లు ఒకటి చూపించమనండి. అందులో సరుకు ధర ఒకచోట, సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9 శాతం వేరుగా ఉంటాయి. రూ.70,800 అన్నది షాపులో పన్నుతో కలిపి కట్టిన ధర అయితే, అసలు సరుకు విలువ రూ.60,000, పన్ను రూ.10,800. ఆ పన్నును అతను ప్రభుత్వానికి కట్టాల్సిన జీఎస్టీలోంచి ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి సర్దుకుంటాడు. కాబట్టి మీకు వేయాల్సిన లెక్క 60,000కి 50,000 కలిపి రూ.1,10,000, దాని మీద పన్ను రూ.19,800, మొత్తం రూ.1,29,800. ఇప్పుడున్న కొటేషన్‌లో రూ.12,744 ఎక్కువ పడింది. ఒకవేళ 70,800 తన లాభం కలుపుకుని, పన్ను లేకుండా వేసిన రేటే అంటే లెక్క తప్పు కాదు. అప్పుడు రేటు మీద బేరమాడండి. ఏదైనా సరే, "పన్నుతో కలిపి" లేదా "పన్ను కాకుండా" అని ప్రతి ఐటమ్ పక్కన రాయించుకోండి.

సగం అడ్వాన్స్ మాత్రం వద్దు. రూ.70 వేలు అతని చేతిలో పడ్డాక పని ఆగిపోతే మీకు పట్టేమీ ఉండదు. టైల్స్, శానిటరీ సామాను డబ్బు మీరే నేరుగా షాపుకి కట్టి, బిల్లు మీ పేరున తీసుకోండి. అప్పుడు కొటేషన్‌లో లేబర్‌తో పాటు అతను తెచ్చే సామాను మాత్రమే ఉండేలా మార్పించండి. లేబర్ డబ్బు పని జరిగే కొద్దీ ఇవ్వండి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందు, నేల మీద నీళ్లు నింపి కనీసం 24 గంటలు ఉంచమనండి. కింది గది స్లాబుకి చెమ్మ రాలేదని మీ కళ్లతో చూశాకే ఆ విడత ఇవ్వండి.